మూడు వారాల పరిచయంలోనే డ్యూటీలు, డీఎం, అమెరికా మాట ఎత్తొచ్చా?

ప్రశ్న: నాకు 28. కర్నూలులో పీడియాట్రిక్స్ పీజీ, రెండో సంవత్సరం. ఇంట్లో చూసిన సంబంధమే. అబ్బాయికి 31, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. పెళ్లిచూపులయ్యాక మూడు వారాలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం, మనిషి నచ్చారు. కానీ నా డ్యూటీలు ఎలా ఉంటాయో, తర్వాత నియోనాటాలజీలో, అంటే నవజాత శిశువుల వైద్యంలో, డీఎం అనే సూపర్ స్పెషాలిటీ చదువు చేయాలని ఉందనీ ఇంకా సరిగ్గా చెప్పలేదు. ఆయన ఒకటి రెండుసార్లు "యూఎస్ ఛాన్స్ ఉంది" అన్నారు. ఇంత త్వరగా ఇవన్నీ ఎత్తితే కండిషన్లు పెడుతున్నట్టు ఉంటుందా? ఎలా మొదలుపెట్టాలి? వచ్చే నెల తాంబూలాలు అంటున్నారు.

సమాధానం:

నేనూ పిల్లల డాక్టర్నే. ఎండీ తర్వాత డీఎం చేశాను, పదమూడేళ్లుగా నవజాత శిశువుల ఐసీయూ, అంటే ఎన్‌ఐసీయూలోనే పని. మా ఆయన ఇంజనీరు. మీరున్న చోటే నేనూ ఉన్నాను, అప్పుడు నేను నోరు విప్పలేదు, దాని ఖర్చు ఎంతో కూడా తర్వాత తెలిసింది. కాబట్టి మొదటి ప్రశ్నకు వెంటనే చెప్పేస్తాను: ఇది త్వరపడటం కాదు, తాంబూలాలకు నెల ఉందంటే ఇప్పటికే కొంచెం ఆలస్యమైంది. తాంబూలాలు అయ్యాక మీరు ఇదే మాట చెబితే అది నిజంగానే కండిషన్‌లా వినిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి రెండు కుటుంబాలూ మాట ఇచ్చేసి ఉంటాయి. ఇప్పుడు చెబితే అది మీ గురించిన సమాచారం, అంతే.

అయితే ఏం చెప్పాలో దానికంటే ఎలా చెప్పాలో దగ్గరే చాలామంది తప్పు చేస్తున్నారు. మన జూనియర్లు ఎక్కువమంది "నేను చాలా బిజీగా ఉంటానండి, కెరీర్ నాకు ముఖ్యమండి" అంటారు. అబ్బాయి "పర్లేదండి, నేను సపోర్టివ్" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, కానీ ఆమె మనసులో బిజీ అంటే వారానికి ఎనభై గంటలు, ఆయన మనసులో బిజీ అంటే రాత్రి ఎనిమిదింటికి ఇంటికి రావడం. ఆర్నెల్ల తర్వాత ఇద్దరికీ అవతలివాళ్లు మోసం చేసినట్టు అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మనిషికి ముప్పై రెండు గంటల డ్యూటీ అనేది ఊహకు అందే విషయం కాదు. మనకు ఎంత అలవాటైపోయిందంటే అది వింత అని కూడా మనకు గుర్తుండదు.

అందుకని విశేషణాలు వదిలేసి డ్యూటీ చార్ట్ చూపించండి. నిజంగానే, మీ యూనిట్ ఈ నెల చార్ట్ తీసి, మీ పేరున్న రోజులు రంగు పెట్టి, ఆయనతో కూర్చుని చదవండి. మీ కాలేజీలో ఎలా ఉందో నాకు తెలియదు కాబట్టి మామూలుగా కనిపించే పద్ధతి ఒకటి తీసుకుని లెక్క వేస్తాను, అంకెలు మీవి పెట్టుకోండి.

నాలుగు రోజులకోసారి డ్యూటీ అనుకుందాం. సోమవారం ఉదయం 8కి వెళ్తారు, రాత్రంతా క్యాజువాలిటీ, లేబర్ రూమ్ కాల్స్, జబ్బుపడ్డ నవజాత శిశువులుండే ఎస్ఎన్‌సీయూ చూసి, మంగళవారం రౌండ్స్, డిశ్చార్జిలు అయ్యి బయటపడేసరికి సాయంత్రం 4. అది 32 గంటలు. బుధ, గురువారాలు 8 నుంచి 4 వరకు, మళ్లీ శుక్రవారం డ్యూటీ. నాలుగు రోజుల్లో 48 గంటలు, అంటే వారానికి 84. వారపు సెలవు దొరికిన వారం 76. (రెసిడెంట్లకు ఏకబిగిన 12 గంటలకు మించి, వారానికి 48 గంటలకు మించి మామూలుగా పని ఉండకూడదని కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ స్కీమ్ 1992లోనే చెప్పింది. 2023 పీజీ నిబంధనలైతే "సహేతుకమైన పనిగంటలు" అని అంకె లేకుండా వదిలేశాయి. రూల్ అలా ఉంది కదా అని ఆయన అడిగితే, ఉంది, వార్డులో లేదు అని చెప్పండి.)

ఇప్పుడు ఆయనకు కావలసిన లెక్క గంటలది కాదు, సాయంత్రాలది. నాలుగు సాయంత్రాల్లో ఒకటి వార్డులో, ఒకటి నిద్రలో, మిగిలేవి రెండు. ఆదివారాలు చూడండి. నాలుగు రోజుల చక్రం మీద ఏడు రోజుల వారం నడుస్తుంది కాబట్టి నాలుగు ఆదివారాల్లో ఒకటి డ్యూటీ, ఒకటి పోస్ట్ డ్యూటీ, రెండు మిగులుతాయి, ఆ రెండింట్లోనూ పొద్దున రౌండ్స్‌కి వెళ్లాల్సి రావచ్చు. "నెలకు రెండు ఆదివారాలు, అవి కూడా మధ్యాహ్నం నుంచి" అన్నది ఆయనకు అర్థమయ్యే వాక్యం. పైగా మీరు కర్నూలు, ఆయన హైదరాబాద్. రానుపోను ఎనిమిది గంటలు ప్రయాణానికి తీసేయండి.

అదే కూర్చునప్పుడు ఆయన షిఫ్టు కూడా అడగండి. ఇది మన అమ్మాయిలు అడగరు, డాక్టర్ డ్యూటీ మాత్రమే సమస్య, సాఫ్ట్‌వేర్ అంటే తొమ్మిది నుంచి ఆరు అనుకుంటారు. అమెరికా క్లయింట్ ఉంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 షిఫ్టు కావచ్చు, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజాము దాకా కావచ్చు. మార్చిలో, నవంబరులో అక్కడ గడియారాలు మారితే ఇక్కడ షిఫ్టు కూడా గంట జరుగుతుంది. ఆన్‌కాల్ రొటేషన్ ఉందా, ఉంటే ఎన్ని వారాలకోసారి, శని ఆదివారాల్లో రిలీజులుంటాయా, ఇవన్నీ అడగండి. మీ ఖాళీ సాయంత్రం 5 నుంచి 10, ఆయన షిఫ్టు 2 నుంచి 11 అయితే వారం మధ్యలో మీ ఇద్దరికీ కలిసే గంట ఒక్కటి కూడా లేదు. ఒకే ఇంట్లో ఉన్నా లేదు. ఈ సంగతి ఇద్దరి చార్టులూ పక్కపక్కన పెడితే తప్ప కనబడదు. కనబడితే భయపడాల్సిన పని లేదు, ఆయన షిఫ్టు మార్చుకోగలరా, ఏ టీములో ఉంటే ఎలా ఉంటుంది అన్న మాట మొదలవుతుంది. మీ చార్ట్ మీ చేతుల్లో లేదు, ఆయనది కొంతైనా ఆయన చేతుల్లో ఉండొచ్చు, ఆ తేడా ఆయన నోటి నుంచే వస్తే చాలా మంచి గుర్తు.

ఇంకొక మాట. ఈ డ్యూటీలు ఎప్పటిదాకా అన్నది కూడా చెప్పాలి, లేకపోతే జీవితాంతం ఇంతే అనుకుంటారు. రెండో సంవత్సరం అంటున్నారు కాబట్టి మీ జిల్లా రెసిడెన్సీ ఇంకా అయి ఉండకపోవచ్చు. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదాంట్లో మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపుతారు కదా, చాలామందికి అక్కడ రాత్రులు కాస్త తేలిక, మనుషులు కాస్త ఊపిరి పీల్చుకునేది అప్పుడే. పెళ్లి ముహూర్తం మాట వచ్చినప్పుడు ఆ మూడు నెలలు ఎప్పుడో మీ చేతిలో ఉండాలి. అలాగే పరీక్షకు ఆర్నెల్ల ముందు థీసిస్ ఇవ్వాలి, దాని ముందు రెండు నెలలు, పరీక్ష ముందు మూడు నెలలు ముహూర్తాలు వద్దని ఇప్పుడే చెప్పండి. వానలు పడ్డాక డెంగీ కేసులతో వార్డు నిండిపోయి ఒక మంచం మీద ఇద్దరు పిల్లలుండే రోజుల్లో హెచ్ఓడీ సెలవు ఇవ్వరు, ఇస్తే మీ తోటి పీజీ చచ్చిపోతుంది. ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవ్ నిబంధనల్లో ఉంది. పెళ్లి, వ్రతం, అటు ఇటు తిరగడం అన్నీ అందులోనే సరిపోవాలి. పెద్దలకు ఇవేవీ తెలియవు, వాళ్లు పంచాంగం చూసి తేదీ పెడతారు.

ఇప్పుడు డీఎం. ఇక్కడ నా తప్పు చెబుతాను.

మా పెళ్లిచూపులయ్యాక ఆయన నన్ను అడిగారు, "ఎండీ తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు" అని. నాకు ఫస్టియర్ నుంచే నియోనాటాలజీ మీద ఇష్టం, ఎనిమిది వందల గ్రాముల బిడ్డ నిలబడితే వచ్చే తృప్తి నాకు ఇంకెక్కడా రాలేదు. కానీ నేను "చూద్దామండి, ఇంకా అనుకోలేదు" అన్నాను. అమ్మ ముందే చెప్పింది, ఎక్కువ చదువుతానంటే వెనక్కి పోతారేమో అని. ఆయన విజయవాడలో ఒక క్లినిక్, సాయంత్రం ఓపీ, పక్కనే ఇల్లు అని బొమ్మ గీసుకున్నారు, అందులో ఆయన తప్పేమీ లేదు, నేను చెరిపితే కదా. పెళ్లయిన ఏడాదిన్నరకు నాకు ఉత్తరాదిలో డీఎం సీటు వచ్చింది. మా పాపకు అప్పుడు ఏడు నెలలు. మూడేళ్లు పాప మా అత్తగారి దగ్గర, ఆయన హైదరాబాద్‌లో, నేను అక్కడ. సీటు వచ్చిన రోజు ఆయన అన్న మాట ఒక్కటే: "ఇది నీకు ఎప్పటినుంచో తెలుసు కదా." చదువుకున్నందుకు ఆయనకు ఏనాడూ బాధ లేదు, తనకు చెప్పనందుకే బాధ. అది పోవడానికి ఆ మూడేళ్ల కంటే ఎక్కువ పట్టింది.

కాబట్టి డీఎం గురించి "ఆలోచన ఉంది" అనకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. దానికి మీరే ముందు ఒక నిర్ణయానికి రావాలి, రాస్తారా, రాయాలని ఉందా? రెండూ వేరు. రాస్తాను అంటే దాని తర్వాతి సంగతులు కూడా మీరే చెప్పాలి. మీకు ఎండీ అయ్యేసరికి 29. బాండ్ సర్వీసో, సీనియర్ రెసిడెన్సీయో ఎంతకాలం ఉందో మీ జాయినింగ్ కాగితాల్లో చూసుకోండి, ఏడాది అనుకుంటే 30. డీఎం ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ తేదీలు ఈ మధ్య ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండటం లేదు కాబట్టి అటో ఇటో ఆరు నెలలు వదలండి. డీఎం మూడేళ్లు. అంటే 33, 34. సీటు ఆల్ ఇండియా కౌన్సెలింగ్‌లో వస్తుంది, ర్యాంకును బట్టి ఢిల్లీ కావచ్చు, చెన్నై కావచ్చు, హైదరాబాద్ కావచ్చు. చేరాక మధ్యలో వదిలేస్తే జరిమానా ఉంటుంది, ఎంత అన్నది రాష్ట్రాన్ని బట్టి, కాలేజీని బట్టి. ఇది విన్న మనిషి మొదట అడిగే ప్రశ్న "అయితే పిల్లలు?" అని. మీరే ముందు ఎత్తండి. పీజీలో ప్రసూతి సెలవు హక్కుగా ఉంది, కానీ 80 శాతం హాజరు నిబంధన కూడా ఉంది, కోర్సు అంతమేర పెరిగే అవకాశం ఉందని లెక్కలో పెట్టుకోవాలి. ఎండీకి డీఎంకి మధ్య ఏడాదిలో కనాలనుకుంటారా, డీఎం అయ్యాకా, మీ ఇద్దరిలో ఎవరి అమ్మ సాయం ఉంటుంది, ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకోగలరా... ఇవన్నీ మొదటి కాల్‌లో తేలవు, తేలాలని కూడా లేదు. కానీ మీకు 33 దాకా చదువుంది అన్న అంకె ఆయన చెవిన ఇప్పుడు పడాలి.

అమెరికా సంగతికి వస్తే, నాకు దీని మీదే ఎక్కువ భయం, ఎందుకంటే మీరు "ఛాన్స్ ఉంది" అన్న మాట విని ఊరుకున్నారు. ఆ మాటకు తేదీ లేదు. మీరు అడగాల్సింది "మీకు అమెరికా వెళ్లాలని ఉందా" అని కాదు, దానికి అందరూ ఉందనే అంటారు. "ఏ వీసా మీద, ఇప్పుడు అది ఎక్కడిదాకా వచ్చింది, వస్తే ఎన్నేళ్లు ఉండాలని" అని అడగండి. హెచ్-1బీ అయితే కంపెనీ మార్చిలో పేరు నమోదు చేయాలి, లాటరీలో రావాలి, వస్తే అక్టోబరు 1 నుంచి పని. 2025 సెప్టెంబరు నుంచి బయటి దేశం వాళ్లకు వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు కూడా పెట్టారు, కంపెనీలు అంత తేలిగ్గా వేయవు. ఎల్-1 అయితే లాటరీ లేదు, అదే కంపెనీలో ఇక్కడ కనీసం ఏడాది చేసి ఉండాలి. ఈ ప్రశ్నలకు ఆయన దగ్గర జవాబులుంటే అది ప్లాను, తేదీలు మీ క్యాలెండరు పక్కన రాసుకోండి. లేకపోతే కోరిక. కోరిక తప్పేమీ కాదు, కానీ ఒక కోరిక కోసం మీ డీఎం ఫారం నింపకుండా ఆగిపోకూడదు. మా జూనియర్ ఒకామె అలాగే రెండేళ్లు ఆగింది, "ఈ ఏడు లాటరీ తగిలితే వెళ్లిపోతాం కదా, చేరి వదిలేస్తే బాండ్ కట్టాలి" అని. రెండుసార్లూ తగల్లేదు. ఆమె ఇప్పటికీ ఆ రెండేళ్ల గురించి మాట్లాడితే గొంతు మారిపోతుంది.

నిజంగా వెళ్తే మీకు ఏమవుతుందో ఆయనకు తెలిసి ఉండే అవకాశం చాలా తక్కువ. సాఫ్ట్‌వేర్ వాళ్లకు దేశం మారితే ఉద్యోగం మారుతుంది. మనకు దేశం మారితే చదువు మళ్లీ మొదలవుతుంది. ఇది ఆయనకు మీరు విడమరిచి చెప్పాలి. ఎల్-1 వాళ్ల భార్యకు పని చేసుకునే అనుమతి వస్తుంది, హెచ్-1బీ వాళ్ల భార్యకు, అంటే హెచ్-4 మీద, భర్త గ్రీన్ కార్డ్ దారిలో ఐ-140 ఆమోదం లాంటిది ఉంటేనే వస్తుంది. అయితే అనుమతి ఉన్నా డాక్టరుగా కూర్చోలేరు. అక్కడి డాక్టర్ లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే రాసి, విదేశాల్లో చదివిన డాక్టర్లకిచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ తెచ్చుకుని, సెప్టెంబరులో అప్లై చేసి, మార్చిలో ఒక సీటుకు మ్యాచ్ అయ్యి, జూలైలో రెసిడెన్సీలో చేరాలి. మీ ఎండీ మూడేళ్లు అక్కడ మామూలుగా లెక్కలోకి రావు. పీడియాట్రిక్స్ రెసిడెన్సీ మూడేళ్లు, దాని మీద నియోనాటాలజీ ఫెలోషిప్ ఇంకో మూడేళ్లు. పరీక్షలకు రెండేళ్లు వేసుకోండి, నేను చూసినవాళ్లకు అటూ ఇటూగా అంతే పట్టింది. 29కి మొదలుపెడితే 37. ఇక్కడ డీఎం అయితే 33, 34.

ఇందులో ఇంకో మెలిక ఉంది, అది విన్నాక చాలామంది అబ్బాయిలు నిశ్శబ్దం అయిపోతారు. రెసిడెన్సీ ఏ ఊళ్లో వస్తుందో మీరు ఎంచుకోలేరు. మీరిచ్చిన జాబితా, ఆసుపత్రులిచ్చిన జాబితా కలిపి కంప్యూటర్ తేలుస్తుంది, వచ్చినచోటికి వెళ్లి తీరాలి. ఆయన డాలస్‌లో, మీరు మిచిగన్‌లో కావచ్చు. హెచ్-4 మీద పని అనుమతి లేకపోతే రెసిడెన్సీ చేయడానికి మీకు విడిగా వీసా కావాలి, ఎక్కువమందికి జే-1 ఇస్తారు, దాని తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం ఉంది, మినహాయింపు కావాలంటే డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్లు చేయాలి. అంటే "అమెరికా వెళ్తే కలిసి ఉంటాం" అన్నది కూడా హామీ ఏమీ కాదు.

ఇదంతా ఆయన్ని భయపెట్టడానికి చెప్పమనడం లేదు. మీ ఇద్దరి ముందున్నవి మూడు దారులు. మీరు డీఎం చేస్తే ఆయన ఇక్కడ ఉండటం, ఆయన వెళ్తే మీరు డీఎం అయ్యేదాకా ఇక్కడ ఉండటం, లేదా మీరు ఎండీ అవగానే వెళ్లి మొదటినుంచి మొదలుపెట్టడం. నాలుగో దారి కూడా ఉంది, వెళ్లి మానేయడం. దాన్ని ఎవరూ నోటితో అనరు, ఎంతోమంది దాంట్లోకే జారిపోతారు. నాకు తెలిసి టెక్సస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్ల ఇళ్లలో స్టెతస్కోపు పెట్టెలో పెట్టేసిన డాక్టరమ్మలు ఉన్నారు. కొందరు ఇష్టపడి మానేశారు, వాళ్లు హాయిగా ఉన్నారు. మిగతావాళ్లు ఫలానా రోజు మానేద్దాం అనుకోలేదు, పరీక్ష వచ్చే ఏడు రాద్దాం, పాప స్కూలుకెళ్లాక రాద్దాం అంటూ పదేళ్లు గడిచాయి. ఆయన మీకు ఈ నాలుగింట్లో ఏది ఊహించుకుంటున్నారో తెలుసుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: "మనం వెళ్లాం అనుకుందాం. వెళ్లిన మొదటి సోమవారం మీరు ఆఫీసుకు వెళ్తారు. నేను ఆ రోజు ఏం చేస్తుంటానని అనుకుంటున్నారు?" జవాబు ఏదైనా పర్లేదు. "అది ఆలోచించలేదండి, చెప్పండి" అన్నా మంచిదే. "ఇంట్లో ఉంటావు కదా, తర్వాత చూద్దాం" అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఎలా మొదలుపెట్టాలి అన్నారు. మెసేజ్‌లో ఇదంతా రాయొద్దు. ఫోన్లో చూసి వాళ్ల అక్కకు పంపుతారు, ఆమె ఇంకోలా చదువుతుంది. ఈ ఒక్క ముక్క మెసేజ్ పెట్టండి: "ఈ వారం ఒక గంట తీరిగ్గా మాట్లాడుకుందామా అండి? నా చదువు, డ్యూటీలు ఇంకా ఎన్నాళ్లో మీకు సరిగ్గా చెప్పాలని ఉంది, మీ యూఎస్ ప్లాన్ కూడా తెలుసుకోవాలి. పెద్దవాళ్లు తేదీ అనుకోకముందే మనిద్దరికీ తెలిస్తే బాగుంటుంది." వీలైతే ఎదురెదురుగా, లేకపోతే వీడియో కాల్. పోస్ట్ డ్యూటీ రోజు వద్దే వద్దు, ముప్పై గంటలు నిద్ర లేకుండా మాట్లాడితే ఏ ప్రశ్న అయినా నిలదీసినట్టు వినిపిస్తుంది, ఆయన మామూలుగా అన్న మాటకు మనకు ఏడుపొస్తుంది. నాకు ఒకసారి అలాగే అయింది.

మాట్లాడేటప్పుడు ముందు మీది చెప్పండి, తర్వాత ఆయనది అడగండి. ఎక్కడ మీకు తెలియదో అక్కడ తెలియదనే చెప్పండి. "డీఎం రాయడం ఖాయం, సీటు ఎక్కడొస్తుందో నా చేతిలో లేదు, మొదటిసారి రాకపోతే రెండోసారి రాస్తాను, రెండుసార్లూ రాకపోతే ఆపేస్తాను" అన్నట్టు ఎక్కడ ఆగుతారో కూడా చెబితే ఎదుటిమనిషికి ఊపిరాడుతుంది. ఆపేది లేదు, వచ్చేదాకా రాస్తాను అంటే అదైనా సరే, చెప్పండి.

విన్నాక ఆయన ఏమన్నారో దానికంటే ఏం అడిగారో చూడండి. వెంటనే "నో ప్రాబ్లమ్" అన్న మనిషికంటే "32 గంటలా? మరి తింటారా? నైట్ తర్వాత బండి నడుపుతారా? ఢిల్లీ వస్తే నాకు అక్కడ రిమోట్ దొరుకుతుందా కనుక్కోవాలి" అన్న మనిషి నయం, అతను తనను ఆ బొమ్మలో పెట్టుకుని చూస్తున్నాడు. "నాకు కష్టమే అనిపిస్తోందండి, రెండు రోజులు ఆలోచించుకుంటాను" అన్నా గౌరవించండి. అది నిజాయితీ.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. ఆయన ఒప్పుకున్నాక, ఈ మాటలు వాళ్లింట్లో ఆయన్నే చెప్పమనండి. మీ నాన్నగారి చేతో, మధ్యవర్తి చేతో చెప్పించొద్దు. ఒక వారం ఆగి, వాళ్ల వైపు నుంచి మీవాళ్లకు ఏం చేరిందో వినండి. పోయినేడు మా దగ్గర పనిచేసే అమ్మాయికి అబ్బాయి అన్నింటికీ సరే అన్నాడు, చాలా బాగా మాట్లాడాడు. పదిరోజులకు వాళ్లమ్మగారు ఫోన్ చేసి "పెళ్లయ్యాక నైట్ డ్యూటీలు మానేస్తుంది కదమ్మా" అని అడిగారు. ఆయన ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ అమ్మాయి ఆయనతోనే నేరుగా మాట్లాడింది. "అమ్మకు మెల్లగా చెబుదాంలే" అన్నాడు. ఎప్పుడు అని అడిగితే పెళ్లయ్యాక అన్నాడు. ఆ సంబంధం అక్కడితో ఆగింది. ఆగడమే మంచిదని నేనూ అనుకుంటాను, మనిషి చెడ్డవాడని కాదు, రేపు రాత్రి మూడు గంటలకు లేబర్ రూమ్ నుంచి కాల్ వస్తే ఆ ఇంట్లో ఆమె తరఫున మాట్లాడేది ఎవరు?

మీవాళ్ల వైపు కూడా ఇదే పని మీరు చేయాలి. మీ అమ్మానాన్నలు "మా అమ్మాయికి పీజీ అయిపోతే ఇంక హాయే, హైదరాబాద్‌లోనే ప్రాక్టీసు పెట్టుకుంటుంది" అని ఇప్పటికే అనేసి ఉండొచ్చు, ఒకసారి అడిగి చూడండి. మావాళ్లు అన్నారు. అది అబద్ధం చెప్పాలని కాదు, సంబంధం కుదరాలన్న ఆత్రం. అలా అని ఉంటే ఆయనతో మాట్లాడే కాల్‌లోనే దాన్ని సరిచేయండి.

నెల చాలకపోతే తాంబూలాలు ఇంకో నెల జరపమని అడగడంలో తప్పు లేదు. పెద్దలకు "ఎగ్జామ్ పోస్టింగ్" అనే సాకు చెప్పొద్దు, "ఇద్దరం ఇంకా కొన్ని విషయాలు మాట్లాడుకుంటున్నాం" అనే చెప్పండి, ఆయన కూడా వాళ్లింట్లో అదే మాట చెప్పాలి. మాట్లాడాక ఆయన ఏమడిగారో వీలుంటే ఇక్కడ రాయండి. డీఎం తర్వాత ఉద్యోగాలు ఏ ఊళ్లో ఎలా ఉన్నాయో, లెవల్ 3 ఎన్‌ఐసీయూల్లో కన్సల్టెంట్‌కు రాత్రులు ఎన్ని ఉంటాయో ఆయనకు సందేహాలుంటే నన్ను అడగమనండి, నాకు తెలిసింది చెబుతాను. మా ఆయన కూడా మాట్లాడతానన్నారు, అటువైపు ఎలా ఉంటుందో ఆయనకే బాగా తెలుసు.